ఆ ఇరవై ప్రశ్నల్లో లేని రోడ్డు

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ అందరికీ నమస్కారం.

మీలో లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నవారు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇరవై ప్రశ్నలు అడిగారు, పన్నెండు సరిగ్గా చెబితే పాస్. ముందురోజు రాత్రి ఫోనులో ప్రశ్నలూ జవాబులూ బట్టీపట్టి వెళ్లినవారు ఎందరని అడగను. నేనూ అలాగే పాసయ్యాను. నాకు పద్దెనిమిది వచ్చాయి. మా చిన్నాన్న కొడుక్కి పంతొమ్మిది.

నేను ఎరువుల దుకాణంలో లెక్కలు చూసుకుంటాను. సెలవు రోజుల్లో ఇలా కాలేజీలకు వస్తున్నానంటే కారణం ఆ తమ్ముడే.

వరికోతల కాలం. హన్మకొండలో పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి చెరొక బండిపై పరకాల వైపు బయలుదేరాం. ఎదురుగా ఒక లారీ లైటు తగ్గించకుండా వచ్చింది. కళ్లు బైర్లు కమ్మాయి. తమ్ముడు వేగం తగ్గించలేదు. లారీ దాటీ దాటగానే రోడ్డుకు ఎడమవైపు వడ్ల కుప్ప, దానిమీద నల్ల టార్పాలిన్, చుట్టూ బండరాళ్లు. హెల్మెట్ ఉంది, పట్టీ పెట్టుకోలేదు. తల నేలకు తగలకముందే అది ఎగిరిపోయింది. ఆ రాత్రి జరిగి ఎన్నో ఏళ్లయింది. ఈ రోజుకీ అతని ఎడమచెయ్యి పైకి లేవదు. పొద్దున చొక్కా గుండీలు మా చిన్నాన్నే పెడతాడు.

ఎదుటి వెలుగుకు కళ్లు చెదిరితే ఏం చేయాలి? తమ్ముడికి జవాబు తెలుసు, వేగం తగ్గించాలి. కానీ తెరమీద మూడు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడం వేరు, ఆ క్షణంలో చెయ్యి దానంతట అదే యాక్సిలరేటర్ వదలడం వేరు. పైగా రోడ్డుమీద వడ్లు ఉన్నాయని చెప్పే బోర్డు ఏదీ మన పుస్తకాల్లో లేదు. నియమం వెనుక ఉన్న కారణం తెలిసినవాడు మాత్రమే బోర్డు లేనిచోట కూడా దాన్ని పాటించగలడు. ఇక్కడ కారణం ఒక్కటే: నీ లైటు ఎంత దూరం చూపిస్తుందో అంతలోపల ఆగగలిగే వేగంలోనే వెళ్లాలి.

గంటకు అరవై కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకోండి, పదిహేడు మీటర్లు అక్కడే అయిపోయాయి. బ్రేకులు బాగుండి రోడ్డు పొడిగా ఉంటే ఆగడానికి ఇంకో ఇరవై. మొత్తం ముప్పై ఏడు. అదే నలభైలో అయితే ఇరవై మీటర్లలో ఆగిపోతాం. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక జారే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇంటర్‌లో ఈ సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే కదా మనం!

మలుపుల దగ్గర తెగకుండా గీసే తెల్లగీత సంగతీ ఇదే. అది చలానా వేయడానికి గీసిన గీత అనుకుంటారు. ఒక్కసారి లెక్క వేయండి. లారీ నలభైలో పోతోంది, మీరు అరవైలో దాన్ని దాటాలి. కనీసం ఆరు సెకన్లు కావాలి. ఆలోగా మీరు వంద మీటర్లు పోతారు. ఎదురుగా బస్సు అరవైలో వస్తుంటే అదీ వంద మీటర్లు వస్తుంది. అంటే ముందు రెండు వందల మీటర్ల రోడ్డు ఖాళీగా కనపడాలి. ములుగు రోడ్డు మలుపులో అంత దూరం కనబడుతుందా? కనబడదని ముందే చూసినవారు మీకోసం ఆ గీత గీశారు.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను. 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు యాభై వేల పైచిలుకు. వారిలో పద్నాలుగు వేలమందికి పైగా వెనక కూర్చున్నవారు. వెనక కూర్చునే స్నేహితురాలికి, అమ్మకు కూడా ఒకటి కొనండి. పట్టీ బిగించండి.

ఇంకొక మాట. రోడ్డుమీద ఎవరైనా పడి ఉంటే కేసవుతుందని భయపడి వెళ్లిపోకండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది. 108కి ఫోను చేయండి. ఆ రాత్రి మా దగ్గర ఆగిన ఆటో డ్రైవరు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

బయట మైదానంలో సుద్దతో మూడు గీతలు గీశాం: బ్రేకు వేయాలనిపించే చోటు, అక్కడినుంచి ఇరవై మీటర్లు, ముప్పై ఏడు మీటర్లు. రండి, మొదటి గీత నుంచి చివరి గీత దాకా నాతో కలిసి నడవండి.