విషయం: ఐఈఎల్‌టీఎస్‌కు బదులుగా పీటీఈ అకడమిక్ ఫలితాన్ని అంగీకరిస్తారా అన్న సందేహం

కావలి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా,
19-01-2026.

ప్రవేశాల విభాగాధికారి గారికి,
విశ్వవిద్యాలయ ప్రవేశాల కార్యాలయం,
హైదరాబాద్.

అయ్యా,

విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి మీరు నడుపుతున్న రెండేళ్ల ఆక్వాకల్చర్ పీజీ కోర్సుకు నేను దరఖాస్తు చేసుకున్నాను (దరఖాస్తు సంఖ్య 2614). ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేశాను. సందేహాలను తెలుగులోనూ పంపవచ్చని మీ సమాచార పత్రంలో ఉన్నందున ఈ లేఖ తెలుగులో రాస్తున్నాను.

ఇంగ్లిషు అర్హతగా ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 6.5, ఏ విభాగంలోనూ 6కు తగ్గకుండా, 'లేదా తత్సమానమైన పరీక్ష' అని ఆ పత్రంలో ఉంది. నేను గత నవంబరులో ఐఈఎల్‌టీఎస్‌కు ఫీజు కట్టాను గానీ, ఆ వారం ఈశాన్య రుతుపవనాల వానలకు మా ఊరి దారి మునిగిపోవడంతో పరీక్షకు వెళ్లలేకపోయాను. అందుకని డిసెంబరు 2న విజయవాడలో పీటీఈ అకడమిక్ రాశాను. 90కి మొత్తం 64 వచ్చింది. వినడంలో 63, చదవడంలో 66, మాట్లాడటంలో 60, రాయడంలో 67.

నా సందేహమంతా 'తత్సమానమైన' అన్న మాట దగ్గరే ఉంది. ఈ రెండు పరీక్షల మార్కులను పోల్చే పట్టికలు ఉన్నాయని నాకు తెలుసు, కానీ వాటిలో దేనిని అనుసరించాలో నిర్ణయించుకోవలసింది మీ కార్యాలయమే కనుక, నా అంతట నేను లెక్క వేసుకుని అర్హత ఉందనుకోవడం సరికాదనిపించింది. పైగా ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్షను పరీక్షకుడు ముఖాముఖి నిర్వహిస్తాడు, పీటీఈలో అభ్యర్థి కంప్యూటరు ముందు మాట్లాడాలి. ఈ తేడా వల్ల మీకు గాని, రెండో ఏడాది చదువు చెప్పే విదేశీ విశ్వవిద్యాలయానికి గాని అభ్యంతరం ఉంటుందేమో దయచేసి తెలపండి. మీరు అంగీకరించినా వారు కాదంటే, ఏడాది చదివాక నాకు దారి మూసుకుపోతుంది. నాకున్న అసలు భయం ఇదే.

అంగీకరించే పక్షంలో, మొత్తం మీద ఎంత, విభాగానికి ఎంత కనీస మార్కులు కావాలో కూడా చెప్పగలరు. ఆన్‌లైన్ దరఖాస్తులో ఐఈఎల్‌టీఎస్ ఫలితం నింపే గడి ఒక్కటే ఉంది. పీటీఈకి కాగితపు ధ్రువపత్రం ఉండదు. ఫలితాన్ని నా ఖాతా నుంచి ఆన్‌లైన్‌లోనే సంస్థకు పంపాలి. దానిని మీ విశ్వవిద్యాలయానికి పంపితే చాలునా, విదేశీ విశ్వవిద్యాలయానికి కూడా పంపాలా?

గడువు ఫిబ్రవరి 27. అంగీకరించనట్లయితే నేను ఐఈఎల్‌టీఎస్‌ను మళ్లీ రాయడానికి సిద్ధమే. అయితే రెండు రొయ్యల చెరువుల మీద బతికే మా ఇంటికి ఇంకోసారి పరీక్ష ఫీజు చిన్న మొత్తం కాదు. తేదీ దొరికి ఫలితం వచ్చేసరికి గడువు దాటకుండా ఉండాలంటే ఈ నెలాఖరులోగా మీ జవాబు నాకు అందడం అవసరం. ఫలిత పత్రం ప్రతిని దీనితో జతచేశాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. శ్రావణి