పన్ను బకాయి వసూలు వాయిదా కోసం వినతి

హనుమకొండ,
25 సెప్టెంబర్ 2025.

ఆదాయపు పన్ను అధికారి గారికి,
వరంగల్.

విషయం: 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం డిమాండ్ రూ.46,380. సెక్షన్ 220(3) కింద గడువు, వాయిదాలు కోరుతూ.

అయ్యా,

ఈ నెల 12న డిమాండ్ నోటీసు అందింది. లెక్కతో నాకు పేచీ లేదు. ఆ ఏడాది మధ్యలో కంపెనీ మారాను. ఇద్దరూ విడివిడిగా మినహాయింపులు ఇచ్చి టీడీఎస్ తక్కువ పట్టుకున్నారు. రిటర్న్‌లో రెండు జీతాలూ చూపించాను, మిగిలిన పన్ను మాత్రం కట్టలేకపోయాను.

జూన్ 30న నా ఉద్యోగం పోయింది. హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేసి అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాం. ఇప్పుడు చౌరస్తాలో ఒక జిరాక్స్ షాపులో రోజుకు మూడు వందలకు పనిచేస్తున్నాను. నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. పోయిన నెల పాప స్కూల్ ఫీజు కోసం నా భార్య చెవి కమ్మలు కుదువ పెట్టాం, ఆ రసీదు కూడా జత చేస్తున్నాను. నిన్నటికి ఖాతాలో రూ.7,214 ఉంది. ఆ ఖాతాను అటాచ్ చేస్తారేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అది ఆగితే నాన్న మందులు ఆగుతాయి.

30 రోజుల గడువు ముగియకముందే అడుగుతున్నాను. ఈరోజే రూ.3,000 చలానా కట్టాను. మిగిలిన రూ.43,380 వచ్చే ఏప్రిల్ నుంచి నెలకు రూ.7,230 చొప్పున ఆరు వాయిదాల్లో కడతాను. అప్పటిదాకా వసూలు చర్యలు ఆపమని వేడుకుంటున్నాను. నెలకు ఒక శాతం వడ్డీ పడుతుందని తెలుసు, అదీ కడతాను. ముందే ఉద్యోగం దొరికితే వెంటనే తెలియజేస్తాను.

జత: నోటీసు, ఉద్యోగం నుంచి తీసేసిన లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్, డయాలసిస్ కాగితాలు, తాకట్టు రసీదు, చలానా, పాన్ నకలు.

ఇట్లు,
విధేయుడు,
బి. శ్రీనివాస్