వారపు నగదు అంచనా: ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, 2025 సెప్టెంబరు 1 నుంచి 6 వరకు

యజమాని గారికి,

ఆగస్టు 30, శనివారం రాత్రి గల్లాపెట్టె లెక్కించి, బ్యాంకు ఖాతా సరిచూసిన తర్వాత ఈ అంచనా తయారు చేశాను. ముందుగా చెప్పవలసిన విషయం ఒక్కటే. బుధవారం, అంటే సెప్టెంబరు 3 సాయంత్రానికి, మన దగ్గర మిగిలే మొత్తం 19,200 మాత్రమే. మనం పెట్టుకున్న కనీస నిల్వ 25,000 కంటే ఇది 5,800 తక్కువ. వారం మొత్తం మీద చెల్లింపులు వసూళ్ల కంటే 15,900 ఎక్కువే అయినా, శనివారం రాత్రికి నిల్వ 44,100 ఉంటుంది. నెల మొదటి మూడు రోజుల్లోనే అద్దె, జీతాలు, హోల్‌సేల్ బాకీ వరుసగా వచ్చి పడటం వల్ల ఈ ఇబ్బంది కలుగుతోంది. సోమవారం ఉదయానికల్లా మీరు ఒక నిర్ణయం తీసుకోవాలి. దాని వివరం కింద ఉంది.

ప్రారంభ నిల్వ

గల్లాపెట్టెలో 11,400, బ్యాంకు ఖాతాలో 57,800 ఉన్నాయి. రెండూ కలిపితే 69,200 అవుతుంది. కానీ గత గురువారం మనం ఇచ్చిన 9,200 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదు. ఖాతాలో కనబడుతున్నా ఆ సొమ్ము మనది కాదు కాబట్టి దాన్ని తీసివేసి, ప్రారంభ నిల్వను 60,000గా తీసుకున్నాను.

రోజువారీ అంచనా

| రోజు | ప్రారంభం | వసూళ్లు | చెల్లింపులు | ముగింపు |
|---|---|---|---|---|
| సోమ 1 | 60,000 | 15,500 | 19,700 | 55,800 |
| మంగళ 2 | 55,800 | 13,100 | 24,500 | 44,400 |
| బుధ 3 | 44,400 | 21,300 | 46,500 | 19,200 |
| గురు 4 | 19,200 | 12,400 | 5,700 | 25,900 |
| శుక్ర 5 | 25,900 | 36,100 | 15,000 | 47,000 |
| శని 6 | 47,000 | 17,600 | 20,500 | 44,100 |
| వారం మొత్తం | 60,000 | 1,16,000 | 1,31,900 | 44,100 |

ఆదివారం దుకాణానికి సెలవు కనుక ఆ రోజును పట్టికలో చేర్చలేదు.

వసూళ్లను ఎలా లెక్కించాను

గత నాలుగు వారాల్లో ఒక్కో రోజు జరిగిన అమ్మకాల సగటును ఆధారంగా తీసుకుంటే, ఈ వారం అమ్మకాలు 86,000 ఉంటాయని అంచనా. అయితే అమ్మిన రోజే సొమ్మంతా చేతికి రాదు. వంద రూపాయల అమ్మకంలో దాదాపు అరవై నోట్ల రూపంలో గల్లాపెట్టెలో పడుతుంది, మిగిలిన నలభై కార్డు ద్వారానో ఫోను ద్వారానో వచ్చి మరుసటి పనిదినం మధ్యాహ్నానికి బ్యాంకులో జమ అవుతుంది. అందుకే ఆగస్టు 30, శనివారం జరిగిన ఇటువంటి అమ్మకాల సొమ్ము 7,100ను సెప్టెంబరు 1, సోమవారం వసూళ్లలో కలిపి, సెప్టెంబరు 6, శనివారం వచ్చే 7,600ను ఆ తర్వాతి వారానికి వదిలాను. అలా చూస్తే కౌంటరు అమ్మకాల ద్వారా ఈ వారం నిజంగా చేతికందేది 85,500.

అరువు బాకీల విషయంలో జాగ్రత్త పడ్డాను. ఆఫీసు భవనం నిర్వహణ వారు ఇచ్చిన 8,500 చెక్కును సోమవారం బ్యాంకులో వేస్తే బుధవారానికి జమ కావాలి. వైరింగ్ పనుల కాంట్రాక్టరు 22,000 బాకీని మంగళవారం తీరుస్తానన్నారు. ఆయన మాట తప్పే మనిషి కాదు, కానీ గత మూడు సార్లూ చెప్పిన రోజుకు మూడు రోజులు ఆలస్యంగానే ఇచ్చారు కాబట్టి ఆ సొమ్మును శుక్రవారం కింద వేశాను. నాలుగు నెలలుగా నిలిచిపోయిన 6,000 పాత బాకీని అసలు లెక్కలోకి తీసుకోలేదు. వస్తే సంతోషమే, దాని మీద ఆధారపడి ఎవరికీ మాట ఇవ్వకూడదు.

చెల్లింపులు

సోమవారం అద్దె 18,000, సరుకు రవాణా 1,200. మంగళవారం ఇద్దరు పనివారి జీతాలు 24,000, ఇవి నోట్ల రూపంలోనే ఇవ్వాలి. బుధవారం వైర్లు, స్విచ్చుల హోల్‌సేల్ వ్యాపారికి 46,000, ముప్పై రోజుల గడువు ఆ రోజుతో తీరుతుంది. గురువారం కరెంటు బిల్లు 4,300, ఫోను, ఇంటర్నెట్ బిల్లు 900. శుక్రవారం ఉదయం బ్యాంకు అప్పు వాయిదా 14,500 ఖాతా నుంచి దానంతట అదే పోతుంది. శనివారం బల్బుల కొత్త సరుకు 12,000, మీ ఇంటి ఖర్చులకు 8,000. ఇవిగాక రోజుకు 500 చొప్పున చిల్లర ఖర్చులు ఉన్నాయి.

తక్కువ నగదు హెచ్చరిక

బుధవారం నిల్వ కనీస స్థాయి కిందికి దిగుతుంది. గురువారానికి 25,900కు చేరినా, అది కనీస నిల్వకు 900 మాత్రమే ఎక్కువ. పైగా ఈ అంకెలు అన్నీ అనుకున్నట్టే జరిగితే వచ్చేవి. 8,500 చెక్కు తిరిగి వస్తే బుధవారం 10,700, గురువారం 17,400 మాత్రమే మిగులుతాయి. దానికి తోడు కాంట్రాక్టరు సొమ్ము కూడా ఈ వారం అందకపోతే, శనివారం రాత్రికి నిల్వ 13,600. చెక్కు జమ అయినా, అమ్మకాలు అంచనా కంటే పదో వంతు తగ్గితే బుధవారం నిల్వ సుమారు 15,800కు పడిపోతుంది.

పట్టికలో కనబడని ఇబ్బంది మరొకటి ఉంది, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది అదే. గురువారం రాత్రి మిగిలే 25,900లో 15,100 గల్లాపెట్టెలో ఉంటుంది, బ్యాంకులో 10,800 మాత్రమే ఉంటుంది. శుక్రవారం ఉదయం 14,500 వాయిదా కోతకు వచ్చేసరికి ఖాతాలో 3,700 తక్కువ పడుతుంది. గురువారం కార్డు, ఫోను అమ్మకాల సొమ్ము 4,800 ఆ రోజు మధ్యాహ్నానికి గాని జమ కాదు. దుకాణంలో డబ్బు ఉండి కూడా వాయిదా తప్పిపోతే జరిమానా కట్టడమే కాక బ్యాంకు దగ్గర మన పేరు చెడుతుంది. అందువల్ల గురువారం బ్యాంకు మూసేలోపు గల్లాపెట్టెలోంచి 8,000 తీసి ఖాతాలో వేస్తాను. అప్పుడు వాయిదా పోయాక కూడా ఖాతాలో 4,300 మిగులుతుంది.

మీరు నిర్ణయించవలసినది

హోల్‌సేల్ వ్యాపారితో సోమవారమే మాట్లాడి, 46,000లో 30,000 బుధవారం, మిగిలిన 16,000 వచ్చే సోమవారం, అంటే 8వ తేదీన ఇచ్చేలా ఒప్పించమని నా మనవి. ఇంతవరకు ఆయనకు ఒక్క గడువూ దాటలేదు. గడువు తీరాక సాకులు చెప్పడం కంటే రెండు రోజుల ముందే తేదీతో సహా అడిగితే కాదనకపోవచ్చు. ఆయన ఒప్పుకుంటే బుధవారం నిల్వ 35,200, శనివారం 60,100 అవుతాయి. చెక్కు, కాంట్రాక్టరు సొమ్ము రెండూ రాని పరిస్థితిలో కూడా ఏ రోజూ నిల్వ 25,000 కిందికి దిగదు. బుధవారం 26,700, శనివారం 29,600 ఉంటాయి. అయితే వచ్చే సోమవారం ఇవ్వవలసిన 16,000ను మరిచిపోకూడదు కనుక వచ్చే వారం అంచనాలో మొదటి చెల్లింపుగా దాన్నే వేశాను.

ఆయన ఒప్పుకోకపోతే శనివారం సరుకు కొనుగోలును సగానికి తగ్గించి, మీరు తీసుకునే 8,000ను కాంట్రాక్టరు సొమ్ము చేతికందాకే తీసుకోవాలి. దీనివల్ల వారం చివర కొంత ఊరట దొరుకుతుంది, బుధవారం లోటు మాత్రం తీరదు. జీతాలను వెనక్కి జరపాలన్న ఆలోచనను నేను పక్కన పెట్టాను. నెలంతా కష్టపడిన ఇద్దరి ఇళ్లలో ఇబ్బంది పెట్టి మన పట్టిక సరిచేసుకోవడం న్యాయం కాదు.

గత వారం కౌంటరు అమ్మకాలు 84,000 ఉంటాయని అంచనా వేస్తే 81,300 వచ్చాయి. తేడాకు కారణం గురువారం సాయంత్రం కురిసిన వాన. మంగళవారం రాత్రి, బుధవారం రాత్రి అసలు అంకెలతో ఈ పట్టికను సరిచేసి మీకు అందిస్తాను. మంగళవారం రాత్రి నిల్వ 42,000 కంటే తక్కువగా తేలితే ఉదయం వరకు ఆగకుండా ఆ రాత్రే మీకు ఫోను చేస్తాను.

ఇట్లు,
దుకాణం లెక్కలు చూసే గుమాస్తా
2025 ఆగస్టు 30, రాత్రి 9 గంటలు