మధ్యయుగ ఆలయ భూదాన శాసనాల ఆధారాల కోసం జిల్లా గ్రంథాలయాధికారికి లేఖ

తుళ్లూరు మండలం, గుంటూరు జిల్లా,
తేదీ: 24 జూన్ 2024

గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారికి,
జిల్లా కేంద్ర గ్రంథాలయం, గుంటూరు.

విషయం: కాకతీయుల కాలపు ఆలయ భూదానాలకు సంబంధించిన గ్రంథాలు, ప్రతుల కోసం అభ్యర్థన.

అయ్యా,

నమస్కారములు. నేను తుళ్లూరు మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థుల్లో చాలామంది మల్కాపురం, మందడం, వెలగపూడి గ్రామాల పిల్లలు. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం చెప్పేటప్పుడు, ఈ ఊళ్ల ప్రస్తావన ఉన్న మల్కాపురం శాసనాన్నే ఆధారంగా తీసుకుని, ఒక ఆలయానికి భూమి ఎలా దానం చేశారో, ఆ రాబడి ఎవరెవరికి చేరిందో మూలపాఠం నుంచే చూపించాలని అనుకుంటున్నాను. అందుకు తమ సహాయం కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

శక సంవత్సరం 1183, అంటే సామాన్య శకం 1261 నాటి ఈ శాసనం రుద్రమదేవి కాలానిది. గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వర శివాచార్యులకు మందడం గ్రామాన్ని, ఆ తరువాత రుద్రమదేవి వెలగపూడిని ఇచ్చినట్లు అందులో ఉంది. గోళకీ మఠ పరంపరకు చెందిన ఆ ఆచార్యుడు అక్కడ ఆలయంతో పాటు మఠం, అన్నసత్రం, విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఏర్పాటు చేశారని, ఆచార్యులు, వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, వంటవారు, నర్తకీమణులు, వాద్యకారుల వరకు అందరి జీవనానికీ ఏర్పాట్లు చేశారని మన చరిత్ర పుస్తకాలు చెబుతున్నాయి. అయితే ఆ పుస్తకాలన్నీ దాత పేరు, తేదీ చెప్పి ముందుకు వెళ్లిపోతున్నాయి. పొలం కొలత ఏమిటి, ఎల్లలు ఏవి, దానంతో భూమే చేతులు మారిందా, లేక రాజుకు రావలసిన భాగం మాత్రమే దేవుడికి మళ్లిందా అన్నవి మూలం చదివితే తప్ప తేలని ప్రశ్నలు. భూమి విలువ గురించి ఇళ్లలో రోజూ వింటున్న ఈ పిల్లలు అడిగేవి కూడా సరిగ్గా ఇవే.

ఈ శాసన పాఠం ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ పదో సంపుటంలో తెలుగు లిపిలో అచ్చయింది. అంతర్జాలంలో నాకు దొరికిన ప్రతిలో సంయుక్తాక్షరాలు చాలాచోట్ల చెదిరిపోయి ఉన్నాయి. శాసన పాఠంలో ఒక్క అక్షరం తారుమారైనా కొలతా మారుతుంది, ఊరి పేరూ మారుతుంది. అందువల్ల ఆ సంపుటం తమ వద్ద ఉంటే మల్కాపురం శాసనం ఉన్న పుటల స్పష్టమైన ఛాయాప్రతులు ఇప్పించగలరు. శాసనంలో అధిక భాగం సంస్కృత శ్లోకాలు కాబట్టి, దానికి తెలుగులో వచ్చిన తాత్పర్యమో వ్యాఖ్యానమో ఏ పత్రికలో ఉన్నా, అది నాకు మూలమంత అవసరమే.

రాజుల దానాలు మాత్రమే చూపిస్తే పిల్లలకు సగం చిత్రమే కనిపిస్తుంది. దాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీపానికి నెయ్యి కోసం గొర్రెలను, పశువులను సమర్పించిన సామాన్య దాతలు ఎందరో కనిపిస్తారు. ఆ శాసనాలున్న నాలుగో సంపుటాన్ని కూడా చూడాలని ఉంది. మన జిల్లాలో చిన్న రైతులు, వర్తకులు, స్త్రీలు చేసిన దానాల శాసనాలు వేరే సంకలనాల్లో ఉంటే తెలుపగలరు. పుట్టి, ఖండుగ, మరుతురు వంటి కొలతలను వివరించే శాసన పదకోశం ఒకటి ఉంటే పని చాలా సులువవుతుంది. ఈ కొలతలు ప్రాంతానికొక రకంగా ఉండేవి కాబట్టి వాటిని నేటి ఎకరాల్లోకి మార్చే సాహసం నేను చేయబోవడం లేదు.

మరొక అభ్యర్థన. ఆ దానాలు తరువాతి కాలంలో ఏమయ్యాయో తెలుసుకోవడానికి మెకెంజీ సేకరించిన గ్రామ కైఫీయతులు, 1858 తరువాత మద్రాసు ప్రభుత్వం జరిపిన ఇనాం విచారణ రిజిస్టర్లు ఉపయోగపడతాయని నా నమ్మకం. గుంటూరు ప్రాంతపు కైఫీయతుల ముద్రిత ప్రతి తమ గ్రంథాలయంలో ఉందా? రిజిస్టర్ల కోసం రాష్ట్ర పురాలేఖ శాఖకు రాయాలా, కలెక్టరు కార్యాలయ రికార్డు గదినే సంప్రదించాలా అన్నది తమ అనుభవంతో సూచించగలరు. అయితే కైఫీయతులు స్థానికులు చెప్పుకున్న కథలతో కలిసి ఉంటాయి కాబట్టి, వాటిని శాసనంతో సమానంగా కాక, పక్కన పెట్టి పోల్చి చూడడానికే వాడుకుంటాను.

అరువుకు ఇవ్వకూడని గ్రంథాలైతే, రెండో శనివారం మినహా ఏ శనివారమైనా మధ్యాహ్నం తరువాత వచ్చి పఠనాలయంలోనే చూసుకుంటాను. ఛాయాప్రతుల రుసుము ముందుగానే చెల్లిస్తాను. తమ వద్ద లేని సంపుటాలు ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయో ఒక మాట రాసినా ఎంతో మేలు. జూలై మూడో వారంలో ఈ పాఠం మొదలవుతుంది కనుక, వీలైతే అంతకు ముందే, కనీసం మల్కాపురం శాసన పుటల సంగతైనా తెలియజేయవలసిందిగా ప్రార్థన. పాఠశాల చిరునామా రాసి, తపాలా బిళ్లలు అంటించిన కవరును ఈ లేఖతో జతపరిచాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కె. వెంకటేశ్వరరావు,
సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు