భోగి మంటల రోజుల్లోనే సూర్యుడికి దగ్గర

ప్రధానోపాధ్యాయులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం. పిల్లలూ, మీ అందరికీ సైన్స్ దినోత్సవ శుభాకాంక్షలు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఇంట్లో పెద్దలు అంటారు కదా. చలి ఎందుకు పోతుంది? భూమి సూర్యుడికి దగ్గరవుతోంది కాబట్టి అని మీలో చాలామంది చెబుతారు. నిజానికి ఇప్పుడు మనం దూరంగా జరుగుతున్నాం! భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, భోగికి ఓ పది రోజుల ముందు. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదటి వారంలో 15.2 కోట్లు. దూరమే కారణమైతే మనం స్వెట్టర్లు జులైలో వేసుకోవాలి, ఆస్ట్రేలియాకూ మనకూ ఒకేసారి ఎండాకాలం రావాలి. అక్కడ డిసెంబరులో ఎండలు మండుతాయి.

పుస్తకాల్లో భూకక్ష్యను కోడిగుడ్డులా గీయడం వల్లే ఈ పొరపాటు పాతుకుపోయింది. కొలత ప్రకారం 30 సెంటీమీటర్ల వెడల్పున గీస్తే, పొడవుకీ వెడల్పుకీ తేడా పెన్సిల్ గీత మందం కూడా ఉండదు.

అసలు కారణం భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండటం. వాలితే ఏమవుతుందో గళ్ల కాగితం మీద చూడండి. టార్చిని 30 సెంటీమీటర్ల ఎత్తున నిటారుగా పట్టుకుని, వెలుగు పడిన గళ్లు లెక్కపెట్టండి. తర్వాత ఏటవాలుగా వంచండి. అదే వెలుగు ఎక్కువ గళ్ల మీద పరుచుకుని పలచబడుతుంది. వంచేటప్పుడు టార్చి వెనక్కి జరిగితే దూరం వల్ల తగ్గిందనిపిస్తుంది, అందుకే మధ్యలో స్కేలు పెట్టి కొలవండి.

మన హైదరాబాద్‌లో జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 84 డిగ్రీలు, డిసెంబరు 21న 49 డిగ్రీలే. ఆ ఏటవాలు వల్లే డిసెంబరులో నేల మీద ప్రతి అడుగుకూ పడే ఎండ పావువంతు తగ్గుతుంది. పగలు కూడా 13 గంటల నుంచి 11 గంటలకు కుదించుకుపోతుంది. మరి జూన్ కంటే మే నెలే ఎందుకు మండుతుంది? జూన్‌లో రుతుపవనాల మబ్బులు కమ్ముతాయి కాబట్టి.

మోడల్ చేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బల్బు చుట్టూ గ్లోబును తిప్పేటప్పుడు దాని పైకొన ఎప్పుడూ ఒకే గోడవైపు చూడాలి, అదే మన ధ్రువ నక్షత్రం దిక్కు. చేయి తిరిగిన కొద్దీ కొన కూడా బల్బువైపే తిరిగితే ఏడాదంతా ఎండాకాలమే! ఇంకో సంగతి: వాలడం వల్ల ఉత్తరార్ధగోళం సూర్యుడికి "దగ్గరవుతుంది" అని చార్టులో రాయకండి. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు. కోట్ల కిలోమీటర్ల దూరంలో అది లెక్కలోకే రాదు.

మే 9న, 12 గంటల 12 నిమిషాలకు, మీ మేడ మీద ఒక కర్రను నిలబెట్టండి. సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీద ఉంటాడు, కర్రకు నీడ పడదు. దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్ర నిటారుగా ఉందో లేదో ముందే చూసుకోండి. మళ్లీ ఆ అవకాశం ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది గానీ, అప్పుడు మబ్బు పట్టే రోజులు. కాబట్టి మే నెలలోనే చూసేయండి.