పండగ ఆఫర్ ఇలా పెడదాం

తమ్ముడూ, నువ్వు ఫోన్లో చెప్పిన "షాపు మొత్తం మీద 20 శాతం తగ్గింపు" గురించి రాత్రి కూర్చుని లెక్క వేశాను. వద్దురా. మన దుప్పటి 100కి అమ్మితే అందులో కొన్న ధరే 70. ఇరవై తగ్గిస్తే చేతికొచ్చేది పది. అంటే ఇప్పుడొచ్చే లాభమే రావాలన్నా మూడు రెట్లు అమ్మాలి, ఇద్దరు కుర్రాళ్లతో, ఒక్క బిల్లింగ్ కౌంటర్‌తో అది మన వల్ల అయ్యే పని కాదు.

నా ఆలోచన వేరు. పోయిన పండగ బిల్లు పుస్తకం తిరగేశాను, ఎక్కువమంది రెండు వస్తువులే కొన్నారు. కాబట్టి మూడు కొంటే ఒక జత దిండు గలీబులు ఉచితం అని పెడదాం. హోల్‌సేల్‌లో ఒకేసారి 150 జతలు ఎత్తితే జత మనకి 12కి పడుతుంది. మూడు దుప్పట్ల మీద లాభం 90, గలీబులు పోను 78. అదే ఇరవై శాతం తగ్గింపు అయితే 300 బిల్లు మీద మిగిలేది 30 మాత్రమే. ఎలాగూ మూడు కొనేవాళ్ల దగ్గర 12 పోతుంది, నిజమే, కానీ రెండుతో ఆగిపోయేవాళ్లు మూడోది తీసుకుంటే 60 కాస్తా 78 అవుతుంది. గలీబులు ఇచ్చిన ప్రతి పది బిల్లుల్లో కనీసం నలుగురు అలా పెంచి కొంటేనే ఇది గిట్టుబాటు, అందుకే మొదటి నాలుగు రోజులూ రాత్రి షాపు మూసేముందు బిల్లుకి ఎన్ని వస్తువులు వెళ్లాయో రాసి పెట్టు.

కదలని కర్టెన్లు మాత్రం వేరే సంగతి. ఏడాదిగా పైఅరలో డబ్బు మూలుగుతోంది, వాటిని కొన్న ధరకే ఇచ్చేద్దాం, కానీ వెనక ర్యాక్‌లో పెట్టు, గుమ్మం దగ్గర వద్దు, లోపలిదాకా వచ్చేవాళ్లు దారిలో కొత్త సరుకు చూస్తారు.

రేట్లు పెంచి కొట్టేసి తగ్గించినట్టు చూపించడం మాత్రం మన షాపులో జరగకూడదు. పాత కస్టమర్లకి మన ధరలు నోటికొచ్చు, ఒక్కసారి అనుమానం వస్తే మళ్లీ గడప తొక్కరు.

పండగయ్యాక షాపు ఖాళీగా ఉంటుంది కదా, ప్రతి బిల్లుతో ఒక చీటీ ఇద్దాం. తర్వాతి 30 రోజుల్లో వస్తే 10 శాతం తగ్గింపు. అప్పుడు వందకి 20 మిగులుతుంది, అది కూడా గిరాకీ లేని రోజుల్లో, నాకు అది చాలు.

150 జతలు అయిపోతే ఆఫర్ అయిపోయినట్టే, బోర్డు మీదే "స్టాకు ఉన్నంతవరకు" అని పెద్ద అక్షరాల్లో రాయించు. కుర్రాళ్లకి కూడా ముందే చెప్పు, రెండు వస్తువులు పట్టుకున్నవాళ్లకి గలీబులు చేతికిచ్చి చూపించమను, బలవంతం చేయొద్దని కూడా చెప్పు. గలీబుల ఆర్డరు సోమవారంలోగా ఇవ్వాలి, నీకు సరేనంటే ఇవాళే హోల్‌సేల్ ఆయనతో మాట్లాడతాను.