లింక్డ్‌ఇన్‌లో మీ సిఫార్సు కోరుతూ

రఘురామ్ గారికి,

నమస్కారం సార్. మనం మాట్లాడుకుని ఏడాది దాటింది. ఈ మధ్యలో ఒక్కసారైనా ఫోన్ చేసి పలకరించకుండా, పని పడ్డాక ఇలా రాస్తున్నందుకు కొంత సంకోచంగానే ఉంది. అందుకే అడగదలచినది ముందే అడిగేస్తాను.

2022 జూన్ నుంచి 2025 మార్చి వరకు మీ బృందంలో స్టాక్ విశ్లేషకురాలిగా నేను చేసిన పని గురించి లింక్డ్‌ఇన్‌లో నాకొక సిఫార్సు రాసిపెట్టగలరా? ఐదారు వాక్యాలు చాలు. ఈ నెల 25లోపు వస్తే నాకు బాగా ఉపయోగపడుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే ఈ మెసేజ్‌కు "సరే" అని ఒక్క మాట జవాబిస్తే చాలు, ఆ వెంటనే లింక్డ్‌ఇన్ నుంచి అభ్యర్థన పంపుతాను. సమయం లేక ఇక్కడితో ఆపేసినా మీరు వదిలేసేదేమీ ఉండదు. మిగతా ఉత్తరమంతా మీరు రాయడానికి కూర్చున్నప్పుడు పాత విషయాలు వెతుక్కోనవసరం లేకుండా నేను పోగుచేసి పెట్టినదే.

ఇప్పుడెందుకు అడుగుతున్నానో చెప్పాలి. మరో పంపిణీ సంస్థలో స్టాక్ నియంత్రణ విభాగానికి బృంద నాయకురాలి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఆరుగురి బృందం అది, వారిలో నలుగురు గోడౌన్లలోనే పనిచేస్తారు. లెక్కలు చూడగలనని నా రెజ్యూమె చెబుతుంది, నా పాత నివేదికల నమూనాలు కూడా చూపించగలను. కానీ లెక్కలు రాసే మనుషులతో నేను ఎలా మెలుగుతానో నా అంతట నేను చెప్పుకుంటే నమ్మేవారు ఎవరుంటారు? అది దగ్గరుండి చూసినవారు మీరొక్కరే. ప్రస్తుత మేనేజరును అడగవచ్చు గానీ, నేను వేరే ఉద్యోగం వెతుకుతున్నట్టు ఆయనకు ఇంకా తెలియదు. పైగా ఇక్కడ నా పని దాదాపు పూర్తిగా తెర ముందే.

మీకు గుర్తు చేయదలచిన విషయాల్లో మొదటిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, గేటు దగ్గర రిజిస్టరు రాసే పెద్దాయన సంగతి. రిటర్న్స్ సరుకును గేటు దగ్గరే కంప్యూటర్లో ఎక్కించాలని మీరు నిర్ణయించినప్పుడు ఆయన తెర వైపు చూడడానికే ఇష్టపడలేదు. శిక్షణ రెండుసార్లు ఇప్పించినా ఫలితం లేకపోవడంతో ఆయన్ను మరో పనికి మార్చుదామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు నేను రెండు వారాల గడువు అడిగి, రోజూ మధ్యాహ్నం లారీలు వచ్చే వేళకు గేటు దగ్గర ఆయన పక్కన కూర్చున్నాను. మూడో రోజునో నాలుగో రోజునో అసలు చిక్కు బయటపడింది. ఆయన రిజిస్టరులో ముందు చలానా నంబరు, తర్వాత బ్యాచ్ నంబరు, తర్వాత డబ్బాల సంఖ్య, చివర పార్టీ పేరు ఉండేవి. మన తెర మీదేమో పార్టీ పేరు మొదట అడిగేది, అది నింపనిదే ముందుకు కదిలేది కాదు. చలానా చేతిలో పట్టుకుని పై నుంచి కిందికి చదువుకుంటూ రాసే అలవాటున్న మనిషికి ప్రతి సరుకు దగ్గరా కాగితం తిరగేయవలసి వచ్చేది. ఆ సంగతి మీకు చెప్పగానే సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడి గడుల వరుసను ఆయన రిజిస్టరు ప్రకారం మార్పించారు. నెల తిరగకముందే ఆయన రాత రిజిస్టరు మూసేశారు. తర్వాత కొత్తగా వచ్చిన ఇద్దరికి ఆ తెర మీద పని నేర్పించింది కూడా ఆయనే.

ఆ మార్పులో సగం పుణ్యం మీదని నాకు తెలుసు, సిఫార్సులో అలా రాసినా నాకు సంతోషమే. అయితే ఆ రెండు వారాలు గేటు దగ్గర కూర్చోవాలన్న ఆలోచన నాది. కొత్త ఉద్యోగంలో నన్ను చూడబోయేవారికి తెలియాలని నేను కోరుకునేది ముఖ్యంగా అదే.

రెండోది మీకు నాకన్నా బాగా గుర్తుండే ఉంటుంది. మూడు గోడౌన్లలోనూ కంప్యూటరులోని లెక్కకూ ర్యాకుల్లోని సరుకుకూ పొంతన కుదరక, నెలాఖరు సరిపోల్చడానికి 11 రోజులు పట్టేది. తిరిగివచ్చిన సరుకు గేటు దగ్గర ఒకసారి, ర్యాకులోకి ఎక్కించేటప్పుడు మరోసారి నమోదవుతోందని బ్యాచ్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాక తేలింది. ఆ రెండో నమోదు తీసేశాక అదే పని 4 రోజుల్లో ముగిసింది.

మూడోది నా పొరపాటు. ఒక నెలాఖరు నివేదికలో ఎక్సెల్ ఫిల్టరు తీయడం మరచిపోయి, ఒక గోడౌన్ రిటర్న్స్ లేకుండానే అన్ని శాఖలకు అంకెలు పంపేశాను. ఎవరూ గమనించకముందే సాయంత్రం నాకే కనబడింది. మీకు ఫోన్ చేస్తే "ముందు సవరణ పంపించమ్మా, కారణం రేపు మాట్లాడుకుందాం" అన్నారు. ఆ రాత్రే సవరించిన నివేదిక వెళ్లింది, మర్నాటికి పంపేముందు చూసుకోవలసిన ఏడు అంశాల పట్టిక తయారైంది. దాన్ని బృందమంతా వాడింది. సిఫార్సులో తప్పు ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. అన్నీ పొగడ్తలే ఉన్న సిఫార్సును చదివేవారు సగమే నమ్ముతారని నా అనుభవం. అందుకే దీన్ని కూడా చెప్పాను, ఉంచడమా తీసేయడమా మీ ఇష్టం.

ఈ మూడింటిలో మీకు స్పష్టంగా గుర్తున్న ఏ ఒక్కటి రాసినా సరిపోతుంది. "కష్టపడి పనిచేస్తారు, అందరితో కలిసిపోతారు" వంటి మాటలు అందరి ప్రొఫైళ్లలోనూ ఉంటాయి, వాటి కోసం మీరు శ్రమపడనక్కర్లేదు. ఖాళీ పేజీ ముందు కూర్చోవడం ఎంత విసుగో తెలుసు కనుక ఒక ముసాయిదా కూడా కింద ఇస్తున్నాను. నా గురించి నేనే ఇలా రాసుకోవడం కాస్త ఇబ్బందిగానే ఉంది. మీ మాటల్లోకి మార్చుకోవడానికి ఒక ఆధారంగా మాత్రమే దీన్ని చూడండి. మీకు నిజమనిపించని వాక్యం ఒక్కటి ఉన్నా కొట్టేయండి.

"మాధవి 2022 జూన్ నుంచి 2025 మార్చి వరకు నా బృందంలో స్టాక్ విశ్లేషకురాలిగా పనిచేశారు. తిరిగివచ్చిన సరుకు రెండుసార్లు నమోదవుతోందని కనిపెట్టి, నెలాఖరు సరిపోల్చే పనిని 11 రోజుల నుంచి 4 రోజులకు తగ్గించడంలో ప్రధాన పాత్ర వహించారు. అయితే నాకు ఎక్కువగా గుర్తుండిపోయినది ఆమె మనుషులతో పనిచేసే తీరు. కంప్యూటరు వాడనన్న ఒక సీనియర్ ఉద్యోగిని తప్పుపట్టకుండా, రెండు వారాలు ఆయన పక్కన కూర్చుని, ఇబ్బంది తెర అమరికలో ఉందని తెలుసుకుని నాకు చెప్పారు. తన పొరపాటును కూడా ఎవరూ అడగకముందే వచ్చి చెప్పే అలవాటు ఆమెది. గోడౌన్ సిబ్బందితో కలిసి పనిచేయవలసిన బృందానికి ఆమె నాయకత్వం వహిస్తానంటే నేను నిస్సంకోచంగా ఒప్పుకుంటాను."

చివరి వాక్యం విషయంలో మాత్రం మీరు ఒకసారి ఆలోచించుకోవాలని కోరుతున్నాను. నేను మీ కింద పనిచేసినప్పుడు నాకు బృందమేదీ లేదు కాబట్టి, నాయకత్వం గురించి చెప్పడం మీకు సబబుగా తోచకపోతే దాన్ని తీసేయండి, మిగిలినది చాలు. సంస్థ ఖాతాదారుల పేర్లు, సరుకు విలువలు కావాలనే ఎక్కడా రాయలేదు. రోజుల లెక్క కూడా బయటపెట్టకూడదని మీకనిపిస్తే "సగానికి పైగా తగ్గించారు" అని మార్చవచ్చు. ఇంగ్లీషులో ఇవ్వడం మీకు సులువైతే ఇదే ముసాయిదా ఇంగ్లీషులో కూడా సిద్ధంగా ఉంది, చెప్పగానే పంపుతాను.

లింక్డ్‌ఇన్‌లో మనం ఇప్పటికే కనెక్షన్లలో ఉన్నాం కనుక కొత్తగా కలుపుకోవలసిన పనేమీ లేదు. మీరు సరే అన్నాక నా అభ్యర్థన మీ మెసేజ్‌లలోకి వస్తుంది. మీరు నా మేనేజరన్న సంబంధం, అప్పటి నా హోదా నేనే ఎంచి పంపుతాను. దాన్ని తెరిచి, రాసినది అతికించి పంపించడమే మీ వంతు. అక్కడ 3,000 అక్షరాల వరకు రాయవచ్చు, మనకు అందులో మూడో వంతు కూడా అవసరం రాదు. మీరు పంపినది నేను ఆమోదించాకే నా ప్రొఫైలులో కనబడుతుంది. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా మీరు దాన్ని సవరించుకోవచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. నైపుణ్యాల దగ్గర ఒక్క నొక్కుతో చేసే ఎండార్స్‌మెంట్ నాకిప్పుడు అక్కర్లేదు, కాబట్టి ఆ అభ్యర్థనలతో మిమ్మల్ని విసిగించను.

బదులుగా నేను కూడా మీకు వెంటనే సిఫార్సు రాయడం మర్యాదే. కానీ ఒకే వారంలో ఇద్దరం ఒకరికొకరం రాసుకుంటే చదివేవారికి అది ఇచ్చిపుచ్చుకోవడంలా కనిపించి, మీ మాట విలువ తగ్గుతుందని ఆగుతున్నాను. కొన్ని నెలలు పోయాక, మీకు అభ్యంతరం లేకపోతే, రిజిస్టరు పెద్దాయన కథ మీ వైపు నుంచి రాయాలని నాకు చాలా కోరికగా ఉంది.

మాజీ ఉద్యోగులకు సిఫార్సులు రాయకూడదన్న నియమం మీ ప్రస్తుత సంస్థలో ఉన్నా, ఈ నెల పని ఒత్తిడిలో కుదరకపోయినా, లేదా నా గురించి ఇంత గట్టిగా చెప్పడం మీకు ఇష్టం లేకపోయినా, "ఇప్పుడు వీలుపడదు" అని రాస్తే చాలు సార్. కారణం అడగను, మనసులో ఏమీ పెట్టుకోను. జవాబు రాకపోతే 18వ తేదీ ప్రాంతంలో ఒక్కసారి మాత్రం గుర్తు చేస్తాను, ఆ తర్వాత ఈ ప్రస్తావన తీసుకురాను. రాయడం కన్నా మాట్లాడడం మీకు తేలికనుకుంటే పది నిమిషాలు ఫోన్‌లో చెప్పండి. మీరు అన్న మాటలు రాసి పంపుతాను, సరిచూసుకుని మీరే లింక్డ్‌ఇన్‌లో పెట్టవచ్చు. సాయంత్రం ఆరు దాటాక ఏ రోజైనా నాకు వీలే.

ఇట్లు,
మాధవి